ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ విభాగం నుంచి బీమా సంస్థ తప్పుకుంటున్నప్పుడు క్లయింట్లకు ఎలా తెలియజేయాలి

నష్టాలు పెరిగినప్పుడో, పునర్బీమా దొరకడం కష్టమైనప్పుడో, యాజమాన్యం దృష్టి వేరే వ్యాపారం మీదికి మళ్లినప్పుడో బీమా సంస్థలు కొన్ని విభాగాలను వదులుకుంటాయి. వదులుకున్నది అగ్ని బీమా వంటిదైతే బ్రోకర్‌కు ఉన్న పని తేలికే. నష్టం జరిగిన రోజున అమల్లో ఉన్న పాలసీయే దానికి చెల్లిస్తుంది కాబట్టి, గడువు ముగిసేలోపు క్లయింటుకు మరో సంస్థ దగ్గర పాలసీ ఇప్పిస్తే సరిపోతుంది. ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, కన్సల్టెంట్లు తీసుకునే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీల విషయం వేరు. ఇవి సాధారణంగా క్లెయిమ్స్-మేడ్ పద్ధతిలో ఉంటాయి. అంటే పొరపాటు ఎన్నేళ్ల క్రితం జరిగినా, క్లెయిమ్ వచ్చిన రోజున ఏ పాలసీ అమల్లో ఉందో దానికే బాధ్యత చుట్టుకుంటుంది. అందువల్ల ఇటువంటి పాలసీ ఆగిపోతే క్లయింటు రేపటి పనికే కాదు, గత పదేళ్లలో పూర్తిచేసి అప్పగించిన పనులకు కూడా రక్షణ పోయే ప్రమాదం ఉంటుంది. చాలామంది క్లయింట్లకు ఈ సంగతి తెలియదు. మీరు పంపబోయే ప్రకటన ఈ ఒక్క విషయాన్ని వారికి అర్థమయ్యేలా చెప్పగలిగిందా లేదా అన్నదే దాని విలువను నిర్ణయిస్తుంది.

ఈ మార్గదర్శిని బ్రోకర్ కార్యాలయంలో పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినది. బీమా సంస్థ తరఫున లేఖలు తయారుచేసేవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

1. ముందుగా బీమా సంస్థ నుంచి రాతపూర్వకమైన సమాధానాలు తీసుకోండి

తప్పుకుంటున్నామని బీమా సంస్థ పంపే మొదటి సమాచారంలో సాధారణంగా ఒక పేరా మాత్రమే ఉంటుంది. దాన్నే క్లయింట్లకు పంపేస్తే, ఆ మర్నాడు వచ్చే ప్రశ్నలకు మీ దగ్గర జవాబులుండవు. అందుకే ప్రకటనకు ముందు కొన్ని విషయాలను ఆ సంస్థ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

అన్నిటికంటే ముందు, తప్పుకోవడం ఏ రూపంలో జరుగుతోందో తెలుసుకోండి. ప్రస్తుత పాలసీలు వాటి గడువు వరకు నడిచి, ఆ తర్వాత రెన్యువల్ లేకపోవడం సర్వసాధారణమైన రూపం. గడువు మధ్యలోనే పాలసీని రద్దు చేయడం అరుదు. అలా చేస్తే మిగిలిన కాలానికి ప్రీమియం ఎంత వాపసు వస్తుందో, నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో పాలసీ షరతులే చెబుతాయి. మూడో రూపంలో, ఆ సంస్థ తన రెన్యువల్ హక్కులను మరో బీమా సంస్థకు అమ్ముకుంటుంది. అప్పుడు క్లయింటుకు కొత్త సంస్థ నుంచి ఒక ప్రతిపాదన దానంతట అదే వస్తుంది గాని, దాన్ని అంగీకరించి తీరాలన్న నిర్బంధం క్లయింటు మీద ఉండదు. ఆ ప్రతిపాదనలోని షరతులు పాత పాలసీలోని వాటిలాగే ఉంటాయన్న హామీ కూడా లేదు.

ఆ తర్వాత తేదీలు అడగండి. చివరి రెన్యువల్ ఏ తేదీ వరకు ఇస్తారు? గడువు ముగుస్తున్న పాలసీని ఒకటి రెండు నెలలు పొడిగించే అవకాశం ఉందా? పొడిగించిన రిపోర్టింగ్ గడువును, అంటే వాడుకలో టెయిల్ కవర్ అనేదాన్ని, ఎన్నేళ్లకు ఇస్తారు, ఏ ధరకు ఇస్తారు, పాలసీ ముగిశాక ఎన్ని రోజుల్లోపు కొనాలి? తప్పుకున్న తర్వాత క్లెయిమ్‌లను ఎవరు చూస్తారు, వారికి నోటీసు ఎలా పంపాలి? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కాని, విభాగం మూతపడిన ఆరు నెలలకు పాత ఈమెయిల్ చిరునామా పనిచేయక, సకాలంలో పంపిన నోటీసు ఎవరికీ అందకుండా పోవడం ఈ రంగంలో వినని సంగతేమీ కాదు.

రెన్యువల్ నిరాకరణకు చట్టప్రకారం ఇవ్వవలసిన నోటీసు బీమా సంస్థ బాధ్యత. దాని వ్యవధి ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంటుంది. మీ లేఖ ఆ నోటీసుకు ప్రత్యామ్నాయం కాదన్న మాటను లేఖలోనే పేర్కొనడం మంచిది. బీమా సంస్థ అధికారికంగా ప్రకటించక ముందే క్లయింట్లకు చెప్పకూడదన్న షరతు ఉంటే దాన్ని పాటించండి. అయితే ఆ సమయాన్ని వృథా చేయకుండా తరువాతి పని మొదలుపెట్టండి.

2. క్లయింట్ల జాబితాను గడువు తేదీల ప్రకారం సర్దండి

అందరికీ ఒకే రోజున ప్రకటన వెళ్లాలి. కాని అందరి దగ్గరా ఒకే స్థాయి తొందర ఉండదు. గడువు ముగింపు 90 రోజుల లోపు ఉన్నవారు మొదటి వరుసలోకి వస్తారు. వారికి లేఖ పంపే రోజే ఫోన్ కూడా చేయాలి. మిగిలినవారికి లేఖ చాలు, ఫోన్ తరువాత చేయవచ్చు.

తేదీల తర్వాత ప్రతి క్లయింటు ఫైలులో మూడు అంశాలు చూడండి. పాలసీ షెడ్యూలులో రెట్రోయాక్టివ్ తేదీ ఏమని ఉంది? ఆ తేదీకి ముందు చేసిన పనికి సంబంధించిన క్లెయిమ్‌లను పాలసీ అసలు పట్టించుకోదు కాబట్టి, క్లయింటుకు ఎన్నేళ్ల గతం రక్షణలో ఉందో ఆ తేదీయే చెబుతుంది. ఇప్పటికే నడుస్తున్న క్లెయిమ్‌లు ఉన్నాయా? ఉంటే కొత్త సంస్థలు దరఖాస్తును ఎక్కువ కాలం పరిశీలిస్తాయి కాబట్టి అటువంటి ఫైలును ముందుగా మార్కెట్లోకి తీసుకెళ్లాలి. మూడోది, పని పూర్తయిన తర్వాత కూడా కొన్నేళ్లు బీమా కొనసాగిస్తామని క్లయింటు ఎవరికైనా ఒప్పందంలో మాట ఇచ్చాడా? నిర్మాణ రంగంలోని ఒప్పందాల్లో ఇటువంటి షరతు తరచుగా ఉంటుంది. ఈ మూడో సమాచారం మీ ఫైలులో ఉండకపోవచ్చు. దాన్ని క్లయింటునే అడగాలి, ఆ ప్రశ్నను లేఖలో చేర్చాలి.

3. లేఖ: మొదటి పేరాలోనే తేదీ చెప్పండి

ఇటువంటి లేఖలు చాలావరకు బీమా సంస్థతో ఉన్న సుదీర్ఘ అనుబంధంతో మొదలై, మార్కెట్ పరిస్థితుల వివరణ మీదుగా సాగి, మూడో పేరాలో ఎక్కడో అసలు విషయాన్ని బయటపెడతాయి. క్లయింటు మొదటి నాలుగు వాక్యాలు చదివి, ఇది ఏదో ప్రచార లేఖ అనుకుని పక్కన పెట్టేస్తాడు. బదులుగా మొదటి పేరా ఈ విధంగా ఉండవచ్చు:

"మీ ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ జూన్ 30న ముగుస్తుంది. మీ ప్రస్తుత బీమా సంస్థ ఈ రకం పాలసీలను ఇకపై జారీ చేయకూడదని నిర్ణయించినందువల్ల ఆ పాలసీ రెన్యువల్ కాదు. జూన్ 30 వరకు మీ రక్షణలో ఎటువంటి మార్పూ లేదు. ఆ తేదీ తర్వాత మీకు వచ్చే క్లెయిమ్‌లకు, అవి పాత పనులకు సంబంధించినవైనా సరే, రక్షణ కొనసాగాలంటే ఆ లోపు మీరు ఒక నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది. ఆ నిర్ణయానికి కావలసిన వివరాలు కింద ఇస్తున్నాము."

ఇందులో నాలుగు సంగతులున్నాయి: ఏమి జరిగింది, ఎప్పటి నుంచి, ఏది మారలేదు, క్లయింటు ఏమి చేయాలి. "అవి పాత పనులకు సంబంధించినవైనా సరే" అన్న భాగాన్ని ఎంత క్లుప్తత కోసమైనా తీసేయకండి. అగ్ని బీమా అలవాటుతో ఆలోచించే క్లయింటు, పాత పని జరిగినప్పుడు పాలసీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండిపోతాడు.

రెండో పేరాలో క్లయింటు మనసులో మెదిలే భయానికి జవాబు చెప్పాలి. బీమా సంస్థ తప్పుకుంటోందనగానే అది మునిగిపోతోందని అనుకోవడం సహజం. ఒక విభాగాన్ని మూసివేయడం, సంస్థ చెల్లింపు సామర్థ్యం కోల్పోవడం వేర్వేరు విషయాలు. విభాగం మూతపడ్డా, అప్పటికే నోటీసు అందిన క్లెయిమ్‌లను పాలసీ షరతుల ప్రకారం పరిష్కరించే బాధ్యత ఆ సంస్థ మీద ఉంటుంది. ఈ దశనే రన్-ఆఫ్ అంటారు. ఇంతవరకు రాయండి, ఇంతకు మించి రాయకండి. "సంస్థ ఆర్థికంగా బలంగా ఉంది" అని మీ మాటగా హామీ ఇస్తే, రేపు పరిస్థితి మారినప్పుడు ఆ వాక్యం మీ మెడకే చుట్టుకుంటుంది. అదే విధంగా, తప్పుకోవడానికి గల కారణాల గురించి బీమా సంస్థ అధికారికంగా చెప్పినదానికి మీ ఊహలను జోడించకండి.

మిగతా లేఖ పొట్టిగా ఉండాలి. ఎంపికలను రెండేసి వాక్యాల్లో పరిచయం చేసి, వివరాలను విడిగా ఒక పేజీలో జతచేయండి. చివర్లో క్లయింటు చేయవలసిన పనులను తేదీలతో చెప్పండి: దరఖాస్తు ఫారం ఎప్పటికి పంపాలి, పాత పనుల మీద ఏవైనా ఫిర్యాదులు ఉంటే ఎప్పటికి తెలియజేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. విభాగం పేరు కాకుండా, ఫోన్ ఎత్తే మనిషి పేరు ఇవ్వండి.

4. ఎంపికలను వివరించండి

సాధారణంగా క్లయింటు ముందు రెండు ప్రధానమైన దారులుంటాయి. మొదటిది, పాత రెట్రోయాక్టివ్ తేదీని అలాగే గౌరవించే కొత్త సంస్థకు మారడం. అప్పుడు పాత పనుల మీద ఇకముందు వచ్చే క్లెయిమ్‌లు కూడా కొత్త పాలసీ కిందికి వస్తాయి. రెండోది, పాత సంస్థ దగ్గర టెయిల్ కవర్ కొని, కొత్త పనుల కోసం వేరే సంస్థ దగ్గర ఆ రోజు నుంచే మొదలయ్యే రెట్రోయాక్టివ్ తేదీతో పాలసీ తీసుకోవడం. వృత్తి మానేస్తున్నవారికి, సంస్థను మూసేస్తున్నవారికి కొత్త పాలసీ అవసరం లేదు. వారికి టెయిల్ ఒక్కటే సరిపోతుంది.

టెయిల్ గురించి క్లయింట్లు పొరబడే చోట్లు మూడు ఉన్నాయి. పాలసీ ముగిసిన తర్వాత చేసిన పనికి టెయిల్ వర్తించదు, ముగియక ముందు చేసిన పని మీద ఆ తర్వాత వచ్చే క్లెయిమ్‌లను నోటీసు చేయడానికి అదనపు సమయం ఇవ్వడమే దాని పని. రెండోది, సాధారణంగా టెయిల్‌తో కొత్త బీమా మొత్తం రాదు. చివరి పాలసీ సంవత్సరంలో మిగిలి ఉన్న మొత్తమే టెయిల్ కాలమంతటికీ ఉంటుంది, అందులో సగం ఇప్పటికే ఒక క్లెయిమ్‌కు ఖర్చయి ఉంటే మిగిలిన సగంతోనే సర్దుకోవాలి. మూడోది, కొనే గడువు దాటితే అది మళ్లీ దొరకదు. చాలా పాలసీల్లో 30 లేదా 60 రోజుల రిపోర్టింగ్ గడువు ఉచితంగానే ఉంటుంది. దాన్నే టెయిల్ అనుకుని క్లయింటు ధీమాగా ఉండిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఈ రెండింటి తేడాను లేఖలో స్పష్టంగా రాయాలి.

ఎంపికల ధరలను విడివిడిగా చూపిస్తే క్లయింటు దాదాపు తప్పకుండా తప్పు నిర్ణయం తీసుకుంటాడు. ఎందుకో ఒక ఉదాహరణలో చూద్దాం.

ఒక స్ట్రక్చరల్ డిజైన్ సంస్థ తొమ్మిదేళ్లుగా ఒకే బీమా సంస్థ దగ్గర ఉంది, రెట్రోయాక్టివ్ తేదీ కూడా తొమ్మిదేళ్ల క్రితందే. ప్రస్తుత వార్షిక ప్రీమియాన్ని 100 అనుకుందాం. మార్కెట్లో రెండు కొటేషన్లు వచ్చాయి. మొదటి సంస్థ 130 అడిగింది. రెండో సంస్థ 60 మాత్రమే అడిగింది. బీమా మొత్తం రెండింటిలోనూ ఒకటే. రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసిన యజమాని 60 వైపే మొగ్గుతాడు, అందులో వింతేమీ లేదు.

కాని 60 అడిగిన కొటేషన్‌లో రెట్రోయాక్టివ్ తేదీ దగ్గర "పాలసీ ప్రారంభ తేదీ" అని ఉంది. అంటే ఆ సంస్థ ఒక్కరోజు గతాన్ని కూడా తన మీద వేసుకోవడం లేదు, తక్కువ ప్రీమియానికి అదే కారణం. కొత్తగా మొదలైన క్లెయిమ్స్-మేడ్ పాలసీలో మొదటి ఏడాది క్లెయిమ్‌లు వచ్చే అవకాశం తక్కువ, ఏటేటా గతం పెరిగేకొద్దీ ప్రీమియం కూడా మెట్లుమెట్లుగా పెరుగుతుంది. ఈ కొటేషన్ తీసుకుంటే తొమ్మిదేళ్ల గతానికి టెయిల్ విడిగా కొనాలి. పాత సంస్థ ఒక సంవత్సరం టెయిల్‌కు 100, మూడు సంవత్సరాల టెయిల్‌కు 185 అడిగిందనుకుందాం. మూడేళ్ల టెయిల్‌తో కలిపితే ఈ దారికి మొదటి ఏడాది ఖర్చు 245 అవుతుంది. మొదటి కొటేషన్‌లో 130కే తొమ్మిదేళ్లూ వచ్చేస్తున్నాయి. పైగా రెండో దారిలో మూడేళ్లు గడిచాక పాత పనులన్నింటికీ రక్షణ పూర్తిగా పోతుంది. భవనాల్లో డిజైన్ లోపాలు చాలా ఏళ్లకు బయటపడుతుంటాయి కాబట్టి, ఈ సంస్థకు అది చిన్న విషయం కాదు.

అయినా రెండో దారే మేలైన సందర్భాలూ ఉంటాయి. పాత పనుల మీద కొత్త సంస్థలేవీ రెట్రోయాక్టివ్ తేదీ ఇవ్వడానికి ఒప్పుకోనప్పుడు, లేదా పాత పాలసీలోని విస్తృతమైన షరతులు కొత్త పాలసీల్లో దొరకనప్పుడు టెయిల్ కొనక తప్పదు. ఏదైనా, మీ లేఖకు జతచేసే పేజీలో ధరల పట్టికకు ముందు "పాత పనులకు రక్షణ ఎక్కడ నుంచి వస్తుంది?" అన్న గడి ఉండాలి. ప్రతి ఎంపిక ఎదుట ఆ గడిని మాటల్లో నింపి, ఆ తర్వాతే మొత్తం ఖర్చు రాయండి.

రెన్యువల్ హక్కులు కొన్న సంస్థ నుంచి వచ్చే ప్రతిపాదనను కూడా ఇదే గడితో పరీక్షించండి. ఆ ప్రతిపాదన మీద మీకు ఎక్కువ కమిషన్ వస్తుంటే ఆ సంగతి క్లయింటుకు చెప్పేయడమే మర్యాద, చాలాచోట్ల అది నిబంధన కూడా.

5. ఫిర్యాదులు, సందేహాలు గడువులోపే నోటీసు చేయించండి

ఈ మొత్తం మార్పిడిలో క్లయింట్లకు నిజంగా నష్టం జరిగే చోటు ఇదే. పైన చెప్పిన డిజైన్ సంస్థకు ఆరేళ్ల క్రితం డిజైన్ చేసిన ఒక పార్కింగ్ భవనం యజమాని నుంచి ఏప్రిల్‌లో ఒక ఈమెయిల్ వచ్చింది. "రెండో అంతస్తు స్లాబులో పగుళ్లు కనిపిస్తున్నాయి, మీ ఇంజినీర్ వచ్చి చూడగలరా?" అని మాత్రమే అందులో ఉంది. డబ్బు అడగలేదు, తప్పు మీదేనని అనలేదు. సంస్థలో ఎవరో వెళ్లి చూసి, పెద్ద విషయం కాదని వచ్చేశారు. ఇది క్లెయిమ్ కాదు. కాని రేపు క్లెయిమ్ కాగల పరిస్థితి.

జూన్ 30 దాకా దీన్ని నోటీసు చేయకుండా వదిలేసి, జూలై 1న కొత్త సంస్థకు మారారనుకోండి. సెప్టెంబర్‌లో భవన యజమాని లాయర్ నోటీసు పంపాడు. పాత సంస్థ, "మా పాలసీ కాలంలో క్లెయిమ్ రాలేదు, పరిస్థితినీ మాకు తెలియజేయలేదు" అంటుంది. కొత్త సంస్థ, "పాలసీ తీసుకునేనాటికే పగుళ్ల సంగతి మీకు తెలుసు, ముందే తెలిసిన విషయాలకు మా పాలసీ వర్తించదు" అంటుంది. రెండు మాటలూ పాలసీ షరతుల ప్రకారం సరైనవే కావచ్చు. క్లయింటు ఏటా ప్రీమియం కట్టినవాడే, రెట్రోయాక్టివ్ తేదీ కూడా పదిలంగానే ఉంది. అయినా ఈ ఒక్క క్లెయిమ్ రెండు పాలసీల మధ్య జారిపోయింది.

దీనికి మందు పాత పాలసీలోనే ఉంటుంది. క్లెయిమ్‌కు దారితీయగల పరిస్థితిని పాలసీ కాలంలోనే నోటీసు చేస్తే, దాని నుంచి తరువాత ఎప్పుడు క్లెయిమ్ వచ్చినా అది ఆ పాలసీ కాలంలో వచ్చినట్లే లెక్కించే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. కాబట్టి మీ లేఖలో ఈ ప్రశ్నను ప్రత్యేకంగా అడగండి: "మీ పాత పనులలో దేనిమీదనైనా క్లయింటు అసంతృప్తి వ్యక్తం చేశాడా, ఫీజు చెల్లించకుండా ఆపాడా, మరమ్మతు కోరాడా, పత్రాలు అడిగాడా?" క్లెయిమ్‌లు ఏమైనా ఉన్నాయా అని మాత్రమే అడిగితే, లేవనే జవాబు వస్తుంది.

నోటీసు ఎలా రాయాలన్నది కూడా ముఖ్యమే. భయంతో కొందరు తమ పాత ప్రాజెక్టులన్నింటి జాబితా పంపి, "వీటిలో దేనిమీదనైనా క్లెయిమ్ రావచ్చు" అని రాస్తారు. ఇటువంటి నోటీసును బీమా సంస్థ నిరాకరించడానికి ఎక్కువ అవకాశం ఉంది, ఎందుకంటే అందులో ఏ ఒక్క పరిస్థితీ లేదు. పనికొచ్చే నోటీసులో ఏ ప్రాజెక్టు, ఎప్పుడు చేసిన డిజైన్, ఎవరు ఫిర్యాదు చేశారు, ఏ తేదీన, ఏమని, ఎటువంటి నష్టం రావచ్చు, క్లెయిమ్ వస్తుందని ఎందుకు అనుకుంటున్నారు అన్నవి ఉంటాయి. పార్కింగ్ భవనం విషయంలో ఏప్రిల్ నాటి ఈమెయిల్, తనిఖీకి వెళ్లిన ఇంజినీర్ రాసుకున్న వివరాలు, పగుళ్ల ఫోటోలు జతచేసి, స్లాబు మరమ్మతు ఖర్చును తమ సంస్థ మీద వేయవచ్చన్న అనుమానాన్ని ఒక వాక్యంలో రాస్తే చాలు. తప్పు ఒప్పుకుంటున్నట్లు మాత్రం రాయకూడదు. అలా రాయడం పాలసీ షరతులకే విరుద్ధం కావచ్చు.

నోటీసు పంపామని తృప్తిపడక, అది అందిందని బీమా సంస్థ ఇచ్చే రసీదును జూన్ 30కి ముందే చేతిలో పెట్టుకోండి. ఇందుకే నోటీసుల గడువును మీరు క్లయింట్లకు జూన్ 30 అని కాకుండా జూన్ 10 అని చెప్పాలి. కొత్త సంస్థ దరఖాస్తులో కూడా ఇదే పరిస్థితిని వెల్లడించాలి. వెల్లడిస్తే కొత్త సంస్థ ఆ ఒక్క పరిస్థితిని మినహాయించవచ్చు, అది పాత పాలసీలో నోటీసై ఉంది కాబట్టి నష్టం లేదు. దాచిపెడితే మొత్తం కొత్త పాలసీయే ప్రశ్నార్థకమవుతుంది.

6. ఫోన్‌లో చెప్పేది, రాసి పెట్టుకునేది

ఫోన్ సంభాషణలో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఒకటే: "కొత్త పాలసీ కూడా పాతదానిలాగే ఉంటుందా?" ఓదార్పుగా ఉంటుంది కదా అని అవునంటే చిక్కుల్లో పడతారు. "రెట్రోయాక్టివ్ తేదీ, బీమా మొత్తం అవే ఉండేలా ప్రయత్నిస్తున్నాము. తేడా ఉన్న షరతులను కొటేషన్ వచ్చాక పక్కపక్కన రాసి పంపుతాము" అనడం నిజాయితీగానూ ఉంటుంది, క్లయింటుకు చాలినంత జవాబుగానూ ఉంటుంది.

జవాబివ్వని క్లయింట్లే అసలైన తలనొప్పి. గడువుకు 60 రోజుల ముందు, 30 రోజుల ముందు, 10 రోజుల ముందు గుర్తుచేయడం మంచి పద్ధతి. చివరిసారి గుర్తుచేసే లేఖ పొట్టిగా, కుండబద్దలు కొట్టినట్లు ఉండాలి: "జూన్ 30 తర్వాత మీకు వచ్చే క్లెయిమ్‌లకు ఏ బీమా సంస్థా బాధ్యత వహించదు." టెయిల్ వద్దనుకున్న క్లయింటు నుంచి ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి. మూడేళ్ల తర్వాత క్లెయిమ్ వచ్చినప్పుడు, తనకు ఎవరూ చెప్పలేదని అతను నిజంగానే నమ్ముతూ అనవచ్చు. మీ ఫైలులోని ఆ ఒక్క కాగితమే అప్పుడు మాట్లాడుతుంది.

క్లయింటు బీమా ధ్రువపత్రాలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఈ సంభాషణల్లోనే అడిగి తెలుసుకోండి. ప్రాజెక్టు యజమానులు, బ్యాంకులు, ప్రధాన కాంట్రాక్టర్లు పాత సంస్థ పేరుతో ఉన్న పత్రం పట్టుకుని ఉంటారు. కొత్త పాలసీ రాగానే వారికి కొత్త పత్రాలు వెళ్లాలి.

7. కొత్త పాలసీ చేతికి వచ్చాక సరిచూడండి

కొటేషన్‌లో ఉన్నది పాలసీలో అలాగే రాకపోవచ్చు. ముందుగా రెట్రోయాక్టివ్ తేదీ చూడండి. పాత తేదీ ఉండాల్సిన చోట ప్రారంభ తేదీ పడటం తరచుగా కనిపించే అచ్చు పొరపాటు. ఆ తర్వాత ప్రారంభ సమయం చూడండి. పాత పాలసీ జూన్ 30 సాయంత్రం ముగిసి, కొత్తది జూలై 1 అర్ధరాత్రి దాటాక మొదలైతే మధ్యలో కొన్ని గంటలు ఖాళీగా ఉంటాయి. దాన్ని ఎండార్స్‌మెంట్‌తో సరిచేయించవచ్చు గాని, అడిగితేనే చేస్తారు. పాత పాలసీలో ఉమ్మడి వెంచర్లు, అనుబంధ సంస్థలు, పదవీ విరమణ చేసిన భాగస్వాములు బీమా పొందినవారిగా ఉంటే కొత్తదానిలోనూ వారి పేర్లు ఉన్నాయేమో చూడండి. విరమణ చేసిన భాగస్వామికి మీ లేఖ చేరి ఉండదు, కాని ఆయన సంతకం చేసిన డ్రాయింగుల మీద క్లెయిమ్ రాగలదు.

పాత పాలసీ పూర్తి ప్రతిని, చివరి షెడ్యూలును, క్లెయిమ్‌ల చరిత్రను, నోటీసుల రసీదులను క్లయింటుకు ఒకే కట్టగా పంపండి. విభాగం మూతపడ్డాక వీటిని పాత సంస్థ నుంచి తెప్పించుకోవడం నెలల తరబడి సాగే పని. టెయిల్ కొన్న క్లయింటుల విషయంలో, టెయిల్ ముగిసే తేదీకి 90 రోజుల ముందు మీ క్యాలెండరులో ఒక గుర్తు పెట్టండి. పాత పనుల మీద ఉన్న ఫిర్యాదుల గురించి లేఖలో అడిగిన ప్రశ్ననే ఆ రోజు మళ్లీ అడిగి, వచ్చిన జవాబులను టెయిల్ ముగియకముందే పాత సంస్థకు నోటీసు చేయించాలి.